అపెండిక్స్‌లోకి వెళ్లిన అంకె

మొన్న క్లబ్ మీటింగ్‌లో థర్డ్ ఇయర్ జూనియర్ ఒకమ్మాయి తన కథ చదివింది. పేరు "రేపు పదిన్నరకి". క్లయింట్ మీటింగ్‌కి ముందు రాత్రి, గందరగోళంగా ఉన్న ఒక డెక్‌ని ఒక ఇంటర్న్ కూర్చుని తిరగరాస్తుంది. అంతే కథ. చదవడం అయిపోగానే చప్పట్లు, ఆ వెంటనే గొడవ. "పీపీటీ సర్దడం కూడా కథేనా?" అని మా బ్యాచ్ వాడొకడు లేచాడు. "పొలం దున్నితే కథ, స్లైడ్లు దున్నితే కాదా?" అని ఇంకొకరు. అరగంట అదే నడిచింది.

నేను మాట్లాడలేదు. నాకు ఆ గొడవ ఎక్కలేదు. కథలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను, అక్కణ్నుంచి ముందుకి కదల్లేదు. రూమ్‌లో మిగతా అందరూ ఆ వాక్యాన్ని దాటేశారు, రాసిన అమ్మాయితో సహా. ఈ వ్యాసం ఆ వాక్యం గురించి.

ముందు కథ చెప్తాను, మీటింగ్‌కి రానివాళ్ల కోసం.

హారిక అనే అమ్మాయి హైదరాబాద్‌లో ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీలో ఇంటర్న్. క్లయింట్ ఒక పాల డెయిరీ. రాత్రి తొమ్మిదికి మేనేజర్ 38 స్లైడ్ల డెక్ పంపి, "కొంచెం క్లీన్ చెయ్యమ్మా, రేపు పదిన్నరకి మీటింగ్" అని మెసేజ్ పెట్టి నిద్రపోతాడు. హారిక తెరిచి చూస్తే ఏమీ అర్థం కాదు. మొదటి ఐదు స్లైడ్లలో డెయిరీ చరిత్ర. తర్వాత సర్వే ఎలా చేశారు, ఎన్ని ఊళ్లు తిరిగారు. తర్వాత రూట్ల వారీగా గ్రాఫులు. సిఫార్సు అనేది 34వ స్లైడులో, అదీ కింద మూలన.

ఇక్కడ కథ నాకు చాలా నచ్చింది. ఎందుకంటే ఇలాంటి పనిని "ఫాంట్లు మార్చింది, రంగులు దిద్దింది" అని రాసేస్తారు. ఈ అమ్మాయి అలా రాయలేదు. హారిక అసలు పవర్‌పాయింట్ మూసేస్తుంది. పాత జిరాక్సు కాగితాలు చింపి, 38 ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద ఒక్కో స్లైడు గురించి ఒకే ఒక వాక్యం రాస్తుంది. స్లైడు టాపిక్ రాస్తే సరిపోదు. "పాల సేకరణ వివరాలు" అని రాస్తే అది వాక్యం కాదు. "సాయంత్రం పాలకంటే ఉదయం పాలు తక్కువ విరుగుతున్నాయి" అంటే వాక్యం. తొమ్మిది స్లైడ్లకి ఎంత తల పట్టుకున్నా వాక్యం రాదు. అవన్నీ "మేం ఎంత కష్టపడ్డామో చూడండి" అనే స్లైడ్లు. వాటిని పక్కన పెడుతుంది.

తర్వాత క్లయింట్ మొట్టమొదట పంపిన మెయిల్ వెతికి చదువుతుంది. అందులో ప్రశ్న ఒక్కటే: కొత్త చిల్లింగ్ సెంటర్ కట్టాలా, లేక ఊళ్లలోనే బల్క్ కూలర్లు పెట్టాలా? అప్పుడు ఆమెకి తెలుస్తుంది, డెక్ ఎందుకు అర్థం కావట్లేదో. టీమ్ పని చేసిన వరసలోనే స్లైడ్లు ఉన్నాయి. ముందు సర్వే చేశారు కాబట్టి ముందు సర్వే. చివర్లో తేల్చుకున్నారు కాబట్టి చివర్లో జవాబు. వినేవాడికి కావాల్సింది దీనికి సరిగ్గా తిరగేసిన వరస. మెకిన్సీలో పనిచేసిన బార్బరా మింటో దీన్ని 'పిరమిడ్ ప్రిన్సిపుల్' అనే పేరుతో పుస్తకంగా రాసింది. జవాబు ముందు, దాని కింద కారణాలు, కారణాల కింద ఆధారాలు. కథలో ఆ పేరు రాదు, కానీ హారిక చేసేది అదే.

"దూరపు ఊళ్లతో మొదలుపెట్టి కూలర్లు పెట్టండి" అని ఒక ముక్క మీద రాసి నేల మీద పైన పెడుతుంది. దాని కింద మూడు కుప్పలు: పాలు ఎక్కడ విరుగుతున్నాయి, దానివల్ల ఎంత పోతోంది, కూలర్ల ఖర్చు ఎన్నాళ్లకి తిరిగొస్తుంది. మిగిలిన 29 ముక్కల్లో 14 ఈ కుప్పల్లోకి వస్తాయి, 15 బ్యాకప్‌లోకి పోతాయి. తర్వాత ఆ పద్నాలుగు ముక్కల్ని వరసగా పైకి చదువుకుంటుంది. గ్రాఫుల్లేకుండా, కేవలం హెడ్డింగులు చదివినా విషయం అర్థమవుతోందా లేదా అని. అర్థమవుతుంది. టైమ్ ఒంటిగంటా పావు.

ఆ టైమ్‌లో ఆమెకి ఒకటి తగులుతుంది. పాత 12వ స్లైడులో పాలు విరగడం 3.2 శాతం అని ఉంది. 27వ స్లైడులో 1.9 శాతం అని ఉంది. ఇంతవరకు మధ్యలో పద్నాలుగు స్లైడ్లు అడ్డం ఉండబట్టి ఎవరికీ కనబడలేదు. ఇప్పుడు రెండూ ఒకే కుప్పలో పక్కపక్కన పడ్డాయి.

ఇప్పుడు ఆ వాక్యం. "3.2తో కథ బాగా నడుస్తోంది, అందుకే హారిక 1.9ని అపెండిక్స్‌లోకి పంపి లాప్‌టాప్ మూసింది."

తర్వాతంతా మీరు ఊహించగలిగిందే. పదిన్నరకి మీటింగ్. క్లయింట్ తల ఊపుతాడు, మొదటిసారి మాకు అర్థమయ్యేలా చెప్పారంటాడు. మేనేజర్ కారిడార్‌లో హారికని ఆపి పీపీఓ సంగతి మాట్లాడతాడు. మా చప్పట్లు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఈ కథలో అసలు కథ ఒంటిగంటా పావుకి మొదలైంది, రచయిత్రి అక్కడే లాప్‌టాప్ మూసేసింది.

ఆ రెండు అంకెలు ఎలా వచ్చాయో చూద్దాం. కథలోనే, ముందు పేజీల్లో, ఆమె వివరాలన్నీ ఇచ్చింది. డెయిరీకి రోజుకి వెయ్యి క్యాన్లు వస్తాయి. క్యాన్ నలభై లీటర్లది, సగటున 34 లీటర్లు నిండుతుంది. అంటే రోజుకి 34,000 లీటర్లు. వాటిలో 32 క్యాన్లు విరిగి వెనక్కి పోతున్నాయి. వెయ్యికి 32, అంటే 3.2 శాతం. సరే. కానీ విరిగేవి ఏ క్యాన్లు? రూట్ చివరి ఊళ్లవి. ఆ ఊళ్లలో పశువులు తక్కువ, క్యాన్లు సగమే నిండుతాయి, సగటున 20 లీటర్లు. అంటే పోయింది 640 లీటర్లు. 34,000లో 640 అంటే 1.9 శాతం.

అంటే రెండు అంకెలూ కరెక్టే. ఎవరూ తప్పు చెయ్యలేదు. ఒకరు క్యాన్లు లెక్కపెట్టారు, ఇంకొకరు లీటర్లు లెక్కపెట్టారు. రెండు స్లైడ్లలోనూ "విరిగిన పాలు" అనే రాశారు, దేనిలో శాతమో రాయలేదు.

ఇప్పుడు హారిక చేసిన పని వల్ల ఏమైందో చూడండి. మూడో కుప్ప, కూలర్ల ఖర్చు ఎన్నాళ్లకి తిరిగొస్తుంది అనేది. కథలో కూలర్లకి మొత్తం కోటీ ఇరవై లక్షలు, పాలు లీటరు 40 రూపాయలు. కూలర్లు పెట్టాక విరగడం పూర్తిగా ఆగిపోతుందనే డెక్ అనుకుంది, మనమూ అలాగే అనుకుందాం. 34,000 లీటర్లలో 3.2 శాతం అంటే 1,088 లీటర్లు, రోజుకి 43,520 రూపాయలు. దాని ప్రకారం డబ్బు తొమ్మిది నెలల్లో తిరిగొస్తుంది. నిజంగా పోతున్నది 640 లీటర్లు, రోజుకి 25,600 రూపాయలు. దాని ప్రకారం పదిహేను నెలల పైన పడుతుంది. క్లయింట్ తల ఊపింది తొమ్మిది నెలలకి. ఆయన బ్యాంకుకి వెళ్లి చెప్పేదీ తొమ్మిది నెలలే. పదో నెలలో ఆయన లెక్క చూసుకున్నప్పుడు హారిక పీపీఓ ఏమవుతుందో కథ చెప్పదు.

కొంతమంది ఇక్కడ తెలివిగా "తొమ్మిది నుంచి పదహారు నెలలు అని రేంజ్ రాసేస్తే పోలా" అంటారు. అది ఇంకా తప్పు. కొలతలో అనుమానం ఉంటే రేంజ్ రాస్తాం. ఇక్కడ అనుమానమే లేదు, ప్రశ్నలు రెండున్నాయి. డబ్బు ఎంత పోతోంది అని అడిగితే లీటర్లే లెక్క, 1.9. ఎన్నిసార్లు రైతు క్యాన్ వెనక్కి పోతోంది అని అడిగితే క్యాన్లే లెక్క, 3.2. నిజానికి "దూరపు ఊళ్లతో మొదలుపెట్టండి" అనే సిఫార్సుకి ఆ రెండు అంకెల మధ్య తేడాయే అన్నిటికంటే బలమైన ఆధారం. సగం నిండిన క్యాన్లే విరుగుతున్నాయంటే, దెబ్బ చిన్న ఊళ్ల మీదే పడుతోందని అర్థం. హారిక అపెండిక్స్‌లోకి పంపింది తన వాదనలో అసలు ముక్కని.

అందుకే నేననేది, డెక్ గందరగోళంగా ఉండటం వేరే ఏదో సమస్యకి గుర్తు. టీమ్‌లో ఏదో ఒకటి తేల్చుకోలేదు, ఆ తేల్చుకోనిది స్లైడ్ల మధ్యలో దాక్కుంది. వరస సర్దగానే అది బయటికొస్తుంది. రావాలి కూడా. సర్దడం వల్ల వచ్చే పెద్ద లాభం అదే. బయటికొచ్చినదాన్ని చూసి మళ్లీ లోపలికి తోసేస్తే, అంతకుముందున్న గందరగోళమే నయం. గందరగోళంగా ఉన్న డెక్ చూస్తే క్లయింట్ కనీసం ప్రశ్నలు అడుగుతాడు. స్పష్టంగా ఉన్న తప్పు చూస్తే తల ఊపుతాడు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేనూ ఒక హారికనే.

పోయిన ఎండాకాలం ఇంటర్న్‌షిప్‌లో నాకూ ఇలాంటి రాత్రి వచ్చింది. ఒక ఫ్యాక్టరీకి ఎనర్జీ ఆడిట్ డెక్. అందులో కంప్రెస్డ్ ఎయిర్ లీకేజీ గురించి ఒక స్లైడు ఉంది. ఈ లీకేజీ కొలవడం మెకానికల్ వాళ్లకి తెలుసు: మెషీన్లన్నీ ఆపేసి, కంప్రెసర్ ఎంతసేపు లోడ్‌లో నడుస్తుందో, ఎంతసేపు అన్‌లోడ్‌లో ఉంటుందో చూస్తారు. వాడేవాళ్లెవరూ లేకపోయినా గాలి పోతోందంటే అది లీకే. మా టీమ్ చూసినప్పుడు మూడు నిమిషాలు లోడ్, ఏడు నిమిషాలు అన్‌లోడ్. పదిలో మూడు, అంటే 30 శాతం లీకేజీ. ఆ స్లైడు కింద చిన్న అక్షరాల్లో ఫుట్‌నోట్ ఉంది: మూడు లైన్లలో పాత లైను ఒక్కటే, ఆదివారం నాడు, అని.

నేను హెడ్డింగ్ రాశాను: "గాలిలో 30 శాతం లీకవుతోంది". ఎంత బాగుంది! ఫుట్‌నోట్ చూడ్డానికి అసహ్యంగా ఉందని తీసేశాను. మర్నాడు ప్లాంట్ హెడ్ మొదటి ప్రశ్నే "ఏ లైన్లో?" అన్నారు. మా మేనేజర్ స్క్రీన్ వైపు చూశారు. స్క్రీన్ మీద జవాబు లేదు, నేను తీసేశా కదా. కొత్త లైన్లు రెండూ వేసి ఏడాది కూడా కాలేదని ఆయనే చెప్పి, "అయితే మిగతా అంకెలు కూడా ఇలాంటివేనా?" అన్నారు. మిగతావన్నీ సరైనవే. కానీ ఆ తర్వాతి గంటంతా ప్రతి అంకెకీ మేం సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నాకెవరూ పీపీఓ గురించి కారిడార్‌లో చెప్పలేదు. మేనేజర్ ఒక్క మాటే అన్నారు: "నువ్వు రాసింది చదివితే నేనలా అన్నాననిపిస్తుంది. నేనలా అనలేదు కదా."

అప్పట్నుంచీ నా దగ్గర పరీక్ష అదే. వరస మార్చొచ్చు, స్లైడ్లు తీసేయొచ్చు, హెడ్డింగ్ తిరగరాయొచ్చు. ఇవి ఇంటర్న్ చెయ్యగలిగినవి. కానీ ఆ పని చేసిన మనిషి కొత్త హెడ్డింగ్ చదివి "నేనిలా అనలేదు" అంటే మాత్రం హద్దు దాటినట్టే. రెండు అంకెల్లో ఒకటి ఎంచుకోవడం, షరతు తీసెయ్యడం, "ఒక లైనులో" అన్నదాన్ని "ఫ్యాక్టరీలో" అనడం, ఇవన్నీ సర్దడంలా కనిపించే నిర్ణయాలు. నిర్ణయం ఇంటర్న్‌ది కాదు.

ఇది ఆఫీసు లెక్కల గొడవేగా అనుకునేవాళ్ల కోసం ఒక్క స్లైడు సంగతి. 2003 జనవరిలో కొలంబియా షటిల్ ఎగిరేటప్పుడు, ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఒకటి ఎడమ రెక్కకి తగిలింది. షటిల్ ఇంకా పైన తిరుగుతుండగానే ఇంజనీర్లు నాసా వాళ్లకి స్లైడ్లు చూపించారు. అందులో ఒక స్లైడు హెడ్డింగ్ చదివితే, పరీక్షల డేటా మనకి అనుకూలంగానే, జాగ్రత్త వైపే ఉందన్న భావన వస్తుంది. అదే స్లైడులో అన్నిటికంటే కింద, చిన్న బుల్లెట్‌లో ఇంకొకటి ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 క్యూబిక్ అంగుళాలు, ఇక్కడ లెక్కలోకి తీసుకున్నది 1920. అంటే 640 రెట్లు. ఆ పరీక్షలు ఈ దెబ్బ గురించి ఏమీ చెప్పలేవన్నమాట. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ కొలంబియా ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. ఆ ఒక్క స్లైడు వల్లే పోయారని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ ప్రమాదంపై వేసిన విచారణ బోర్డు తన రిపోర్టులో ఆ స్లైడుని ప్రత్యేకంగా ఎత్తిచూపింది. అంకె దాచలేదు, స్లైడులోనే ఉంది. ఉండాల్సిన చోట లేదు, అంతే.

సరే, మరి హారిక ఏం చెయ్యాలి? ఒంటిగంటా పావుకి మేనేజర్‌కి ఫోన్ చెయ్యాలా? ఇక్కడ నాకు ఆ అమ్మాయి మీద జాలి ఉంది. రాత్రి పదికి సార్‌కి మెసేజ్ పెట్టాలన్నా "సారీ ఫర్ డిస్టర్బింగ్ సర్" అని మూడుసార్లు రాసి చెరిపే బ్యాచ్ మనది. ఫోన్ చెయ్యకపోయినా ఫర్వాలేదు. నాలుగు లైన్ల మెసేజ్ పెడితే చాలు: "సర్, 12లో 3.2, 27లో 1.9 ఉన్నాయి. ఒకటి క్యాన్లలో, ఒకటి లీటర్లలో అనుకుంటున్నా. డబ్బు లెక్కకి లీటర్లు వాడాలనిపిస్తోంది, అలా అయితే 9 నెలలు కాదు, 15 దాటుతుంది. ఆ స్లైడు ఖాళీగా ఉంచాను, పొద్దున పది నిమిషాలు కావాలి." డేటా తెచ్చిన ఫీల్డ్ మనిషికి కూడా అదే పెట్టాలి, ఎందుకంటే క్యాన్ల సంగతి ఖాయంగా తెలిసింది ఆయనకే. మేనేజర్ ఎనిమిదిన్నరకి చూస్తాడు. తిట్టొచ్చు. కానీ పదిన్నరకి రూమ్‌లోకి వెళ్లేటప్పుడు ఆ అంకె ఏంటో ఆయనకి తెలిసి ఉంటుంది.

ఇదంతా ఆ జూనియర్‌కి క్యాంటీన్‌లో చెప్పాను. టీ చల్లారిపోయేదాకా విన్నది. చివరికి అడిగింది: "అప్పుడు హారికకి పీపీఓ రాదు కదన్నా?"

నా దగ్గర జవాబు లేదు. రావచ్చు, రాకపోవచ్చు. "15 నెలలా? మొన్న తొమ్మిదన్నారే" అని క్లయింట్ ముఖం మాడ్చుకోవచ్చు కూడా. నిజం చెప్పినవాళ్లకి కారిడార్‌లో ఎవరో ఎదురొస్తారని నేను మాటివ్వలేను. కానీ నాకు చదవాలనున్న కథ అదే. పీపీఓ వస్తుందో రాదో తెలియకుండా, ఆ మెసేజ్ టైప్ చేసి, పంపే బటన్ మీద వేలు పెట్టి కూర్చున్న అమ్మాయి కథ. "పీపీటీ సర్దడం కూడా కథేనా" అన్న మా వాడికి కూడా అప్పుడు జవాబు దొరుకుతుంది.

ఆ అమ్మాయి మాత్రం వాక్యం మార్చనంది. "హారిక అలాంటిదే, మనమూ అలాంటివాళ్లమే" అంది. అది కూడా ఒక అభిప్రాయమే, కాదనను. కథ ఈ సంచికలోనే వస్తోంది, చదవండి. ఒంటిగంటా పావు దగ్గరికి రాగానే ఒక్క నిమిషం ఆగండి. ఆ అంకె ఎక్కడికి వెళ్తోందో చూసి, అప్పుడు చప్పట్లు కొట్టాలో లేదో మీరే తేల్చుకోండి.